కూలింగ్ గ్లాసెస్, గ్రూప్ ఫొటోలు, బయోలో చిర్రుబుర్రులు: డేటింగ్ ప్రొఫైల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ నా చేతిలో పెట్టి "ఈ ప్రొఫైల్‌లో ఏం తప్పుందో చూడు" అంటుంటారు. ఎలా మొదలైందో తెలీదు గానీ నాకిదో అలవాటైపోయింది. తెరిచి చూస్తే తప్పులు ఎవరికి వాళ్లవి వేరుగా ఉండవు. తిప్పి తిప్పి ఆ మూడే: కళ్లు కనపడవు, గుంపులో మనిషి దొరకడు, బయో చదివితే ఎవరి మీదో కోపం. అందరూ అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

కూలింగ్ గ్లాసెస్‌లో బాగుంటానని అందరూ అంటారు. ఆ ఫొటో ఎందుకు తీసేయమంటారు?

బాగుంటారు, కాదనను. కానీ అలా అన్నవాళ్లందరికీ మీ కళ్లు ముందే తెలుసు. అద్దాల వెనక దాగిన ముఖాన్ని వాళ్లు తమకు తెలియకుండానే జ్ఞాపకంలోంచి పూరించుకుంటారు. యాప్‌లో మిమ్మల్ని మొదటిసారి చూసే మనిషి దగ్గర ఆ జ్ఞాపకం లేదు. వాళ్లకు కనిపించేది రెండు నల్లటి అద్దాలు, ఓ ముక్కు, ఓ నోరు.

నవ్వు సంగతే తీసుకోండి. మనసారా నవ్వినప్పుడు కంటి చుట్టూ ఉన్న కండరం ముడుచుకుని, కళ్ల మూలల్లో చిన్న ముడతలు వస్తాయి. ఫొటో కోసం పెదాలు సాగదీసినప్పుడు అవి అంతగా రాకపోవచ్చు. మీ నవ్వు ఎలాంటిదో చెప్పే ఆ జాగానే అద్దాలు కప్పేస్తాయి. చూసేవాళ్లేమో క్షణం ఆగరు. ముఖం చూసి నమ్మొచ్చా లేదా అన్న మొదటి అంచనాకు సెకనులో పదోవంతు చాలని విల్లిస్, టొడొరోవ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లోనే చూపించారు. ఆ అంచనా సరైనదని కాదు, అంత తొందరగా జరిగిపోతుందని. "మిగతా ఫొటోల్లో కళ్లు కనిపిస్తాయి కదా" అనుకుంటారు గానీ, రెండో ఫొటో దాకా వస్తేనే కదా.

అలాగని పూర్తిగా నిషేధమేం కాదు. కొండ ఎక్కుతూనో పడవలోనో తీసిన ఫొటోలో ఎండద్దాలు ఉండటం సహజమే. ఒక్కటి ఉంచుకోండి, నాలుగో స్థానంలోనో ఐదో స్థానంలోనో. మొదటి మూడింట్లో మాత్రం వద్దు. ఆరు ఫొటోల్లో మూడింట అద్దాలుంటే అది స్టైల్‌లా కనిపించడం మానేసి, ఏదో దాస్తున్నట్టు కనిపించడం మొదలవుతుంది.

నావి పవర్ గ్లాసెస్. అవీ తీసేయాలా?

అక్కర్లేదు. రోజూ పెట్టుకునేవైతే పెట్టుకునే ఫొటో దిగండి, కలిసినప్పుడు కనిపించేది ఆ ముఖమే కదా. చిక్కల్లా ఎండలో నల్లబడే లెన్సులతోనే. అవి అతినీలలోహిత కిరణాలకు రంగు మారతాయి, కాబట్టి బయట దిగితే కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నట్టే పడుతుంది. ఇంట్లో కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట దిగండి, అక్కడ ఆ కిరణాలు బయటకంటే తక్కువ. లెన్సు మీద వెలుతురు మెరుస్తుంటే గడ్డం ఒక అంగుళం కిందికి దించండి, మెరుపు పక్కకు జరిగిపోతుంది.

అద్దాలు తీస్తే ఎండకు కళ్లు చిట్లించాల్సి వస్తోంది. మరి ఎలా దిగాలి?

ఎండలో దిగకండి. ఇది చెప్పడానికి ఇంత సింపుల్‌గా ఉన్నా, చాలామంది దగ్గర అద్దాల్లేని మంచి ఫొటో లేకపోవడానికి కారణం ఇదొక్కటే. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటే కనుబొమల నీడ కళ్లలో పడుతుంది, కళ్లు చిన్నవవుతాయి, ఫొటో చూసి "అద్దాలే నయం" అనిపిస్తుంది.

గోడ నీడలోనో చెట్టు నీడలోనో, ఆ నీడ అంచుకు దగ్గరగా నిలబడి వెలుతురున్న వైపు తిరగండి. మీ మీద ఎండ పడదు, ఎదురుగా ఉన్న ఆకాశపు వెలుగు మాత్రం ముఖం నిండా పడుతుంది. ఇంట్లో అయితే కిటికీకి ఒక మీటరు దూరంలో, కిటికీ వైపు ముఖం పెట్టి నిలబడండి, పైనున్న ట్యూబ్‌లైట్ ఆపేయండి.

తర్వాత దూరం. చేయి చాచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా పడుతుంది. అది మీ ముఖం తప్పు కాదు, దూరం తప్పు: కెమెరా మరీ దగ్గరగా ఉంటే దానికి అన్నిటికన్నా దగ్గరున్న భాగం ఉబ్బి కనిపిస్తుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, మీటరున్నర నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. సెల్ఫీలు చూసుకుని ముక్కు ఆపరేషన్ అడిగేవాళ్లు ఎక్కువయ్యారని విసిగి చేసిన లెక్క అది. కాబట్టి ఫోన్‌ను ఎవరి చేతికైనా ఇచ్చి, వెనక కెమెరాతో, మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఎవరూ లేకపోతే అల్మారా మీద కంటి ఎత్తున ఫోన్ ఆనించి, టైమర్ 10 సెకన్లకు పెట్టండి.

కెమెరా చూడగానే బిగుసుకుపోయేవాళ్లకో చిట్కా. కళ్లు మూసుకుని, తీసేవాళ్లను మూడు లెక్కపెట్టమనండి. మూడు అనగానే తెరవండి, ఆ క్షణంలోనే క్లిక్. అప్పుడే తెరిచిన కళ్లు విప్పారి ఉంటాయి. ఇరవై తీస్తే ఒకటి బాగుంటుంది. ఆ ఒక్కటి చాలు.

నిజం చెప్పాలంటే, తెలిసినవాళ్లు గుర్తుపడతారనే అద్దాల ఫొటో పెట్టాను. అదీ తప్పేనా?

తప్పు కాదు, కానీ ఆ పని అద్దాలతో అవ్వదు. మిమ్మల్ని రోజూ చూసేవాళ్లు నడక చూసి కూడా గుర్తుపడతారు, అద్దాలు వాళ్లకొక లెక్కా? గుర్తుపట్టలేనిది కొత్తవాళ్లే. అంటే ఎవరి నుంచి దాక్కోవాలో వాళ్లకు దొరికిపోయి, ఎవరికి కనిపించాలో వాళ్లకు కనిపించకుండా పోతున్నారన్నమాట.

దీనికి యాప్ సెట్టింగ్స్‌లో దారులున్నాయి. టిండర్‌లో ఫోన్ కాంటాక్ట్స్‌ను బ్లాక్ చేసే వీలుంది. అలా చేస్తే, ఆ నంబరుతోనో ఈమెయిల్‌తోనో ఖాతా ఉన్నవాళ్లకు మీరు కనిపించరు. మీరు లైక్ చేసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించకుండా ఉండే మోడ్ కూడా కొన్ని యాప్‌లలో ఉంది, కాకపోతే దానికి సాధారణంగా డబ్బు కట్టాలి. ఇవేవీ నూటికి నూరుపాళ్లు దాచవు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపడాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. ఆ భయం మరీ ఎక్కువగా ఉంటే, ముఖం దాచి యాప్‌లో ఉండటం కంటే యాప్‌లో లేకపోవడమే సుఖం.

గ్రూప్ ఫొటో ఉంటే నాకు స్నేహితులున్నారని తెలుస్తుంది కదా. ఎన్ని పెట్టొచ్చు?

ఒకటి. మొదటి స్థానంలో ఎప్పుడూ వద్దు, మూడు తర్వాత ఎక్కడైనా సరే. మీతో కలిపి ముగ్గురు నలుగురికి మించకుండా చూసుకోండి.

గుంపులో ఉన్న ముఖం ఒంటరిగా ఉన్నప్పటి కంటే కాస్త అందంగా అనిపిస్తుందన్న మాట మీరు వినే ఉంటారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో నిజంగానే అలా తేలింది. తేడా చిన్నదే. పైగా ఆ ప్రయోగాల్లో ఏ ముఖాన్ని చూసి మార్కులు వేయాలో చూసేవాళ్లకు చెప్పారు. ప్రొఫైల్‌లో ఆ చెప్పేవాళ్లు ఉండరు. ఏడుగురిలో మీరెవరో వెతుక్కోవడం చూసేవాళ్ల పని అవుతుంది, ఆ పని ఎవరూ చేయరు. చేసినా, అందరికన్నా బాగున్న ముఖాన్ని చూసి ఇతనే అయితే బాగుండు అనుకుంటారు. రెండో ఫొటోలో అతను కాదని తేలుతుంది. మీరు ఎంత బాగున్నా అక్కడ కలిగేది ఆశాభంగమే.

ఇంకో మెలిక ఉంది. వరసగా మూడు ఫొటోల్లో ఒకే స్నేహితుడు మీ పక్కనుంటే, ఇద్దరిలో ప్రొఫైల్ ఎవరిదన్నది చివరిదాకా తేలదు. పక్కనున్నది అక్కో చెల్లెలో అయితే వేరే అనుమానం మొదలవుతుంది. "పక్కన మా అక్క" అని రాసుకునే బదులు ఆ ఫొటో తీసేయడం తేలిక. గ్రూప్ ఫొటో పెట్టేముందు అందులో ఉన్నవాళ్లను ఒక్కమాట అడగండి. పిల్లలున్న ఫొటో అసలు వద్దు.

పరీక్ష ఇలా చేయండి. మీ ముఖం తెలియని ఎవరికైనా, స్నేహితుడి ఆఫీసులో పనిచేసేవాళ్లకైనా సరే, ముందు మీ మొదటి ఫొటో రెండు సెకన్లు చూపించమనండి. తర్వాత గ్రూప్ ఫొటో చూపించి ఎవరని అడగమనండి. వేలు వెంటనే మీ మీద పడితే ఆ ఫొటో ఉండొచ్చు. వేలు గాల్లో ఆగిందంటే తీసేయండి.

గ్రూప్ ఫొటోలోంచి నన్ను క్రాప్ చేసుకుంటే సరిపోదా?

అప్పుడప్పుడు సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. భుజం మీద ఎవరిదో చేయి మిగిలిపోవడం ఒక సమస్య. మణికట్టు దాకా ఉండి, ఆపైన మనిషి లేని ఆ చేయి చూస్తే "ఈ చేయి ఎవరిది? పాత గర్ల్‌ఫ్రెండ్‌దా?" అన్న ప్రశ్నే ముందొస్తుంది.

రెండోది మసక. వాట్సాప్‌లో వచ్చిన గ్రూప్ ఫొటో అడ్డంగా 1600 పిక్సెళ్లుందనుకుందాం. ఏడుగురు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరికీ భుజాలతో కలిపి రెండువందల పిక్సెళ్లకు కాస్త అటూ ఇటూ వస్తాయి. ఆ ముక్కను 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర నిండా పరిస్తే, అయిదు రెట్లు సాగదీసినట్టు. కళ్లు రెండు మచ్చలుగా మిగులుతాయి. ఎవరి ఫోన్‌తో తీశారో వాళ్ల దగ్గర అసలు ఫైలు తీసుకుని, ఇద్దరు ముగ్గురున్న ఫొటోలోంచి కత్తిరిస్తే పర్వాలేదు. లేదంటే కొత్తది దిగడానికి పది నిమిషాలే పడుతుంది.

"టైంపాస్ వాళ్లు రావద్దు" అని రాస్తే తప్పేముంది? ముందే చెప్పడం మంచిది కదా?

ఎవరి కోసం రాశారో వాళ్లు అది చదవరు. చదివినా "ఓహో, నేను టైంపాస్ కదా" అని మర్యాదగా పక్కకు తప్పుకోరు. ఆ వాక్యం చదివి వెనక్కి తగ్గేది మీకు కావాల్సినవాళ్లే: నెమ్మదస్తులు, గొడవలు గిట్టనివాళ్లు. "వీళ్లకు ఇప్పటికే బాగా విసుగొచ్చినట్టుంది, ఆ మిగిలిన కోపం నా మీద పడుతుందేమో" అనుకుని జరుగుతారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఒకరి గురించి మనం చెడ్డగా చెబితే, విన్నవాళ్ల మనసులో ఆ గుణం కొంతవరకూ చెప్పిన మనకే అంటుకుంటుంది. 1998లో కొందరు మనస్తత్వ పరిశోధకులు దీన్ని వరుస ప్రయోగాలతో చూపించారు. "అతను క్రూరుడు" అనిపించేలా మాట్లాడిన మనిషి, కొన్నాళ్ల తర్వాత వినేవాళ్లకు తానే కాస్త క్రూరంగా తోచాడు. అలాంటిది "అబద్ధాలకోరులు, డ్రామా చేసేవాళ్లు దూరంగా ఉండండి" అన్న బయో ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి. అబద్ధం, డ్రామా అన్న రెండు మాటలు మీ ఫొటో కిందే ఉన్నాయి.

ఫిర్యాదులన్నీ కోపంగా ఉండవు, నవ్వుతూ చేసేవీ ఉంటాయి. "బయోలో ఏం రాయాలో తెలీదు", "స్నేహితులు బలవంతంగా ఈ యాప్‌లో పడేశారు", "ఇక్కడ ఎవరూ రిప్లై ఇవ్వరు కదా" లాంటివి. వినయంగా ఉన్నాయనుకుంటారు. చదివేవాళ్లకు మాత్రం, "నాకిక్కడ ఉండటం ఇష్టం లేదు, మీరూ ఇక్కడే ఉన్నారు" అని వినిపిస్తుంది.

మరి నాకు నిజంగానే కొన్ని కుదరవు. అవి కూడా చెప్పకూడదా?

చెప్పాలి. సిగరెట్ తాగేవాళ్లతో ఉండలేకపోవడం, పిల్లలు కావాలనో వద్దనో అనుకోవడం ఫిర్యాదులు కావు, మీ జీవితపు షరతులు. చాలా యాప్‌లలో వీటికి విడిగా గడులుంటాయి: సిగరెట్, మందు, పిల్లలు, ఎలాంటి సంబంధం కోసం చూస్తున్నారు. ముందు అవి నింపండి. ఇంకా మిగిలితే బయోలో ఒక్కటి, ఒక్కసారి, మామూలు గొంతుతో రాయండి. "నాకు పిల్లలున్నారు, వాళ్లే నాకు ముందు" అన్నది సమాచారం. "నా పిల్లలతో ప్రాబ్లం ఉంటే ఇప్పుడే దొబ్బేయండి" అన్నదాంట్లోనూ అదే సమాచారం ఉంది, కానీ పక్కన ఒక తన్ను కూడా ఉంది.

ఒక ప్రొఫైల్ దిద్ది చూపిస్తారా?

మా స్నేహితుడొకడిది చెబుతాను, వాడి ఒప్పుకోలు తీసుకునే. ఆరు ఫొటోలు. మొదటిది కారుకు ఆనుకుని, కూలింగ్ గ్లాసెస్‌తో. రెండోది ఎవరిదో పెళ్లిలో ఏడుగురు. మూడోది కొండ మీద చేతులు చాచి, వీపు మనవైపు. నాలుగోది జిమ్ అద్దం ముందు, ముఖానికి అడ్డంగా ఫోన్. ఐదోది ఇద్దరు స్నేహితులతో, ముగ్గురికీ కూలింగ్ గ్లాసెస్. ఆరోది రెండేళ్ల కిందటిది, గడ్డం లేనప్పటిది.

"రెండోదాంట్లో నువ్వెక్కడున్నావురా?" అన్నాను.

"ఎడమ నుంచి మూడోవాణ్ణి."

"మూడోవాడు తల తిప్పుకుని ఉన్నాడు."

"అదే... ఎవరో పిలిచారు."

అంటే కళ్లతో సహా వాడి ముఖం కనిపించేది ఆరోదాంట్లో ఒక్కచోటే. అదీ ఇప్పటి ముఖం కాదు.

బయో ఇది: "టైంపాస్ వాళ్లు, డ్రామా క్వీన్‌లు దూరంగా ఉండండి. హాయ్ అని ఆగిపోయేవాళ్లకు రిప్లై ఇవ్వను. ఈ యాప్‌లో ఎవరూ సీరియస్‌గా లేరు. ఎప్పుడు డిలీట్ చేస్తానో నాకే తెలీదు."

వాడు ఇలాంటివాడు కాడు. అందుకే ఒక్కో వాక్యం పట్టుకుని "దీని వెనకున్న కోరికేంటి?" అని అడిగాను. టైంపాస్ సంగతి తేలిగ్గానే తేలింది, నిలిచే సంబంధం కావాలి. డ్రామా దగ్గర కాసేపు పట్టింది. ఇంతకుముందు పరిచయమైన అమ్మాయి గొడవైతే నాలుగేసి రోజులు మాట్లాడేది కాదట. అంటే వాడికి కావాల్సింది కోపమొచ్చినా మాట్లాడే మనిషి. "హాయ్" అని ఆగిపోతున్నారంటే తప్పు వాళ్లది కాదు, ఆ బయోలో అడగడానికి ఏమీ లేదు. చివరి రెండు వాక్యాల వెనక ఏ కోరికా దొరకలేదు, కొట్టేశాం.

"ఆదివారం ఏం చేస్తావు?" అంటే "ఏముంది, పాత సైకిళ్లు విప్పుకుంటూ కూర్చుంటా" అన్నాడు, అదేదో చెప్పుకోకూడని విషయమన్నట్టు.

కొత్త బయో: "నిలిచే సంబంధం కోసం చూస్తున్నాను, తొందరేం లేదు. కోపమొస్తే ఆ రోజే మాట్లాడేసుకోవడం ఇష్టం. ఆదివారాలు పాత సైకిళ్లు విప్పి బాగుచేస్తాను. మూడు బాగయ్యాయి, నాలుగోది మొండికేస్తోంది."

ఫొటోలు ఐదుకు తగ్గాయి. కిటికీ పక్కన దిగింది మొదటిది. తల నుంచి కాళ్ల దాకా కనిపించేది రెండోది. గ్రీజు చేతులతో సైకిల్ చక్రం పట్టుకున్నది మూడోది, అది నేనే తీశాను, వాడు చూడట్లేదు. నాలుగోది ముగ్గురున్నది, వీడు మధ్యలో, అద్దాలు తీయించి మళ్లీ తీసింది. కొండ మీదే అద్దాలతో దిగిన ఇంకో ఫొటోను ఐదో స్థానంలో పెట్టనిచ్చాను. ఆ కారు ఫొటో తీసేయడానికి మాత్రం చాలాసేపు బతిమాలాడు. కారు వాడిది కూడా కాదు.

ఫిల్టర్లు, ఎడిటింగ్?

వెలుతురు పెంచండి, వంకరగా ఉంటే సరిచేయండి. చర్మం నునుపు చేసేవి, ముఖం సన్నం చేసేవి వద్దు. కలిసినప్పుడు పోల్చి చూసుకునేది ఆ ఫొటోతోనే.

మార్చాక పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నీ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ముందు ఫొటోలు మార్చి రెండు వారాలు ఆగండి, తర్వాత బయో. ఓపిక లేకపోతే అన్నీ మార్చేయండి, మీరేమీ పరిశోధనాపత్రం రాయట్లేదుగా. మ్యాచ్‌ల లెక్క మీద మరీ ఆధారపడకండి. వారానికి రెండు వచ్చేచోట నాలుగు వస్తే అది ఫొటో మహిమ కావచ్చు, ఉత్త అదృష్టమూ కావచ్చు. అంత చిన్న లెక్కల్లో తేడా పట్టలేం. ఖాతా తీసేసి మళ్లీ మళ్లీ కొత్తది తెరవడం మాత్రం వద్దు, కొన్ని యాప్‌లు దాన్ని అనుమానంగా చూస్తాయి.

లెక్క కంటే వచ్చే మెసేజ్‌లు చదవండి. "ఇందులో మీరెవరు?" అన్న ప్రశ్న ఇంకా వస్తుంటే గ్రూప్ ఫొటో ఇంకా ముందుంది. ఉత్త "హాయ్"లే వస్తుంటే బయోలో పట్టుకోవడానికి కొక్కెం లేదు. మీరు రాసిన ఒక ముక్కను పట్టుకుని అడిగారంటే ఎవరో చదివారు. మా వాడికి రెండో వారంలో వచ్చిన మెసేజ్ ఇది: "ఆ నాలుగోది చైన్ సమస్యా, గేర్ సమస్యా?"